పది మంది పిల్లలు ఇరవై మంది అయిన లెక్క

(ఎం.ఎడ్. పరిశోధక విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం. బోర్డు మీద రాసిన అంకెలను ఇక్కడ పట్టికగా పెట్టాం. ప్రశ్నలు, జవాబులు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మైకు వెనక్కి వినిపిస్తోందా? సరే.

ఒక పట్టిక గురించి చెప్పి మొదలుపెడతాను. అది ఒక డిసర్టేషన్‌లోది. ముప్పై ఆరుగురు పిల్లలకి ప్రీ-టెస్ట్ పెట్టారు, ఆరు వారాలు కొత్త పద్ధతిలో పాఠం చెప్పారు, మళ్ళీ ఆ పిల్లలకే పోస్ట్-టెస్ట్ పెట్టారు. పట్టికలో రెండు సగటులున్నాయి, రెండు ఎస్.డి.లున్నాయి, టి విలువ ఉంది. దాని పక్కన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 70 అని ఉంది. కింద వాక్యం: "పూర్వ, అంత్య పరీక్షల సగటుల మధ్య సార్థక భేదం లేదు."

ముప్పై ఆరుగురు పిల్లలుంటే 70 ఎక్కడ నుంచి వచ్చింది? 36కి 36 కలిపితే 72, అందులోంచి రెండు తీసేస్తే 70. అంటే లెక్క చేసినవాడి దృష్టిలో క్లాసులో డెబ్బై రెండు మంది పిల్లలున్నారు. ప్రీ-టెస్ట్ రాసినవాళ్ళు వేరు, పోస్ట్-టెస్ట్ రాసినవాళ్ళు వేరు. ఒకరికొకరు ముక్కూమొహం తెలియదు. ఆ లెక్క చేసినవాణ్ణి నేనే. ఆ డిసర్టేషన్ నాదే. (నవ్వులు.) గైడు సంతకం చేశారు, వైవాలో ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇంకొకరి థీసిస్ దిద్దుతుంటే అదే తప్పు కనిపించింది. ఇంటికెళ్ళి అటక మీద నుంచి నాది దింపి చూసుకున్నాను.

అందుకే ఇవాళ ఆ ఒక్క విషయమే మాట్లాడతాను. అవే పిల్లల దగ్గర ముందూ వెనకా కొలిచినప్పుడు పెయిర్డ్ టి-టెస్ట్ ఎందుకు వాడాలి, ఇండిపెండెంట్ టి-టెస్ట్ వాడితే లెక్కలో సరిగ్గా ఏ చోట ఏం పాడవుతుంది అనేది.

మార్కుల జోలికి వెళ్ళేముందు ఒక చిన్న ఊహ. పది మంది పిల్లల్ని గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచారు. ఒకడు నూట ఇరవై సెంటీమీటర్లు, ఒకడు నూట నలభై. తర్వాత అందరి చేతా ఒకే రకం చెప్పులు వేయించి మళ్ళీ కొలిచారు. ప్రతివాడూ రెండు సెంటీమీటర్లు పెరిగాడు. చెప్పుల వల్ల ఎత్తు పెరిగిందా అని ఎవరైనా అడిగితే మనకి సందేహం ఉంటుందా? ఉండదు. ఎందుకంటే వాణ్ణి వాడితోనే పోల్చాం. కానీ చెప్పుల్లేని పది కొలతలు ఒక సంచిలో, చెప్పులతో ఉన్న పది కొలతలు ఇంకో సంచిలో పోసి, పేర్లు చెరిపేసి చూస్తే? రెండు సంచుల్లోనూ ఇంచుమించు నూట ఇరవై నుంచి నూట నలభై దాకా రకరకాల అంకెలే. ఆ గందరగోళంలో రెండు సెంటీమీటర్లు ఎక్కడ దొరుకుతాయి? పొడుగువాడికీ పొట్టివాడికీ ఉన్న తేడా చెప్పుల మందాన్ని మింగేసింది. ఇండిపెండెంట్ టెస్ట్ చేసే పని ఈ సంచుల పనే.

ఇప్పుడు బోర్డు చూడండి. ఏడో తరగతి, భిన్నాలు, ఇరవై ఐదు మార్కుల పేపరు. లెక్క చేతితో వెయ్యడానికి వీలుగా ఈ అంకెలు నేనే కూర్చాను, ఏ బడివీ కావు.

| రోల్ నం. | ముందు | తర్వాత | తేడా |
|---|---|---|---|
| 1 | 6 | 9 | 3 |
| 2 | 9 | 11 | 2 |
| 3 | 11 | 12 | 1 |
| 4 | 8 | 12 | 4 |
| 5 | 15 | 17 | 2 |
| 6 | 19 | 20 | 1 |
| 7 | 12 | 15 | 3 |
| 8 | 22 | 22 | 0 |
| 9 | 14 | 17 | 3 |
| 10 | 4 | 5 | 1 |

ముందు సగటు 12, తర్వాత సగటు 14. రెండు మార్కులు పెరిగింది. రెండు టెస్టులూ ఈ రెండు మార్కుల్నే పైన పెట్టుకుంటాయి. అక్కడ పేచీ లేదు. తేడా అంతా కింద, అంటే దేనితో భాగిస్తున్నాం అన్న దగ్గరే వస్తుంది.

మొదట నేను అప్పుడు చేసిన తప్పు పద్ధతిలోనే చేద్దాం. ముందు మార్కుల విస్తృతి లెక్కిస్తే 32 వస్తుంది, అంటే ఎస్.డి. ఐదున్నర దాటి ఉంది. తర్వాత మార్కుల విస్తృతి 26.89. ఈ రెండూ కలిపి పదితో భాగించి వర్గమూలం తీస్తే 2.43. ఇది స్టాండర్డ్ ఎర్రర్. రెండుని 2.43తో భాగిస్తే టి విలువ 0.82. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18. పట్టికలో 18 ఎదురుగా 0.05 స్థాయికి 2.101 కావాలి. మన 0.82 దాని దరిదాపుల్లో కూడా లేదు. "సార్థక భేదం లేదు" అని రాసేసి బయటికొస్తాం.

ఇప్పుడు చివరి నిలువు వరుస మాత్రం చూడండి. 3, 2, 1, 4, 2, 1, 3, 0, 3, 1. మిగతా రెండు వరుసలు చేత్తో మూసెయ్యండి. పెయిర్డ్ టెస్ట్ చూసేది ఇంతే. దానికి ఇరవై అంకెలు లేవు, పదే ఉన్నాయి. పేరు పెద్దదే గానీ అది తేడాల మీద చేసే ఒకే-నమూనా టి-టెస్ట్. ఈ పది తేడాల సగటు సున్నా కంటే నిజంగా ఎక్కువా అని మాత్రమే అడుగుతుంది. తేడాల సగటు 2. సగటు నుంచి విచలనాల వర్గాలు కూడితే 14. తొమ్మిదితో భాగిస్తే 1.56, వర్గమూలం 1.25. దాన్ని పది వర్గమూలంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.39. రెండుని దానితో భాగిస్తే టి విలువ 5.07. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9, పట్టికలో కావలసింది 2.262. ఇక్కడ పి విలువ 0.001 కంటే తక్కువ. అక్కడ సుమారు 0.42.

అవే పిల్లలు, అవే మార్కులు, అదే రెండు మార్కుల పెరుగుదల. ఒక లెక్క "ఏమీ లేదు" అంటోంది, ఇంకో లెక్క "గట్టిగా ఉంది" అంటోంది. నాకైతే పి విలువ కంటే ఈ అంతరాలు ఎక్కువ మాట్లాడతాయి. పెయిర్డ్ లెక్కలో 95 శాతం విశ్వాస అంతరం 1.1 నుంచి 2.9 మార్కుల దాకా. ఇండిపెండెంట్ లెక్కలో మైనస్ 3.1 నుంచి 7.1 దాకా. అంటే రెండో లెక్క ప్రకారం మన పాఠం వల్ల మూడు మార్కులు తగ్గి ఉండొచ్చు, ఏడు మార్కులు పెరిగి ఉండొచ్చు! ఆ వరుసలో మార్కు తగ్గిన పిల్లాడు ఒక్కడు కూడా లేడు.

మరి ఆ 2.43 అంత పెద్దగా ఎందుకొచ్చింది? రోల్ నంబరు పదికి నాలుగు మార్కులు, ఎనిమిదికి ఇరవై రెండు. వీళ్ళిద్దరి మధ్య పద్దెనిమిది మార్కుల దూరం మన పాఠం వల్ల వచ్చింది కాదు. ఆరో తరగతిలో ఎవరు ఏం నేర్చుకున్నారు, ఇంట్లో ఎవరున్నారు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇండిపెండెంట్ టెస్ట్ ఆ దూరాన్నంతా గోలగా లెక్కేసి కింద పెడుతుంది. పైగా రెండుసార్లు లెక్కేస్తుంది, ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. పెయిర్డ్ టెస్ట్‌లో తీసివేత చేసే క్షణంలోనే అది పోతుంది. పదో నంబరు 5 లోంచి 4 తీసేస్తే ఒకటి మిగిలింది, వాడు బలహీనుడన్న సంగతి ఆ ఒకటిలో లేదు.

దీన్నే సూత్రంగా రాస్తే ఇంత:

s_d² = s₁² + s₂² − 2·r·s₁·s₂

ఇక్కడ r అనేది ముందు మార్కులకీ తర్వాత మార్కులకీ ఉన్న సహసంబంధం. మన అంకెల్లో అది 0.98. 32కి 26.89 కలిపితే 58.89. దానిలోంచి 57.33 పోతుంది. మిగిలింది 1.56. ఇందాక తేడాల వరుస నుంచి వచ్చిందీ అదే. ఇండిపెండెంట్ టెస్ట్ అంటే ఈ సూత్రంలో r సున్నా అని మనం సంతకం పెట్టి ఇచ్చినట్టు. ముందు బాగా రాసిన పిల్లాడికీ తర్వాత బాగా రాయడానికీ ఏ సంబంధమూ లేదు అన్నట్టు. ఏ టీచరైనా ఒప్పుకుంటారా?

ఇక్కడ ఒక హెచ్చరిక. 0.98 అనేది నేను బోర్డు కోసం కూర్చిన అంకెల మహిమ. మీ క్లాసులో అంత రాదు. సగటులు, ఎస్.డి.లు ఇవే ఉంచి r మాత్రం 0.8 అనుకుంటే పెయిర్డ్ టి విలువ 1.83కి పడిపోతుంది. 2.262 దాటదు. 0.5 అయితే 1.16. 0.9 ఉంటే 2.56, దాటుతుంది. అంటే పెయిర్డ్ టెస్ట్ అనగానే ఫలితం "వచ్చేస్తుంది" అనుకోకండి. r సున్నా అయితే ఇండిపెండెంట్‌తో వచ్చిన టి విలువే వస్తుంది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మాత్రం 18 నుంచి 9కి తగ్గి కాస్త నష్టపోతాం. r రుణాత్మకమైతే పెయిర్డ్ టి విలువే చిన్నది. అప్పుడు కూడా పెయిర్డే చెయ్యాలి. ఏ టెస్టు పి విలువ తక్కువ ఇస్తే అది తీసుకోవడం అంటే కల్లం దగ్గర రెండు తక్కెడలు పెట్టుకుని కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి వాడినట్టు. జత అనేది మీరు సమాచారం సేకరించిన రోజునే తేలిపోయింది. కంప్యూటరు ముందు కూర్చున్నాక ఎంచుకునేది కాదు.

"స్టూడెంట్స్ టి-టెస్ట్" అన్న పేరు విని అది మన విద్యార్థుల కోసం పుట్టిందనుకునేవాళ్ళున్నారు, ఒకప్పుడు నేనూ అనుకున్నాను. స్టూడెంట్ అనేది కలంపేరు. విలియం గోసెట్ అనే ఆయన డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు, 1908లో బయోమెట్రికా పత్రికలో ఆ పేరుతో రాశాడు. ఆ పత్రంలోనే పది మంది రోగుల నిద్ర లెక్కలున్నాయి. ఒక్కొక్కరికీ రెండు రకాల మందులు ఇచ్చి, మామూలు కంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో చూసినవి. గోసెట్ తేడాలు తీసుకునే పని చేశాడు. ఆ అంకెలు ఇప్పటికీ ఆర్ సాఫ్ట్‌వేర్‌లో `sleep` అన్న పేరుతో ఉన్నాయి. జతగా చేస్తే టి విలువ 4.06, విడివిడిగా చేస్తే 1.86. మొదటిది 0.05 దగ్గర సార్థకం, రెండోది కాదు. అంటే మనం మాట్లాడుకుంటున్న సంగతి ఈ టెస్టు పుట్టిన పత్రంలోనే ఉంది.

సరే, కంప్యూటరు సంగతి. ఎక్సెల్‌లో ఇదంతా ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది.

```
=T.TEST(B2:B11, C2:C11, 2, 1)
```

చివర ఉన్న 1 అంటే పెయిర్డ్. 2 అంటే సమాన విస్తృతులతో ఇండిపెండెంట్, 3 అంటే అసమాన విస్తృతులతో ఇండిపెండెంట్. దాని ముందున్న 2 రెండు వైపుల పరీక్ష కోసం. ఈ రెండింటినీ తారుమారు చేసినవాళ్ళున్నారు. ఎక్సెల్ పి విలువ ఒక్కటే చూపిస్తుంది, ఏ టెస్టు చేసిందో చెప్పదు, కాబట్టి తప్పు కంటికి కనబడదు. ఆర్‌లో అయితే ఇలా:

```
t.test(after, before, paired = TRUE)
```

ఆ `paired = TRUE` మర్చిపోతే అది నోరెత్తకుండా ఇండిపెండెంట్ చేసేస్తుంది. ఎస్.పి.ఎస్.ఎస్. వాడేవాళ్ళకి ఒక సూచన చాలు. ఒక్కో పిల్లాడికి ఒకే అడ్డు వరుస, రెండు నిలువు వరుసలు ఉండాలి. మీ షీటులో పది మంది పిల్లలకి ఇరవై అడ్డు వరుసలుండి, పక్కన "1 = ప్రీ, 2 = పోస్ట్" అని గ్రూపు కోడ్ ఉందంటే, మీరు ఇండిపెండెంట్ దారిలో ఉన్నారు.

టెస్టు సరైనదే ఎంచుకున్నా పాడయ్యే చోటు ఇంకొకటుంది. పెయిర్డ్ టెస్టుకి వరుసే ప్రాణం. ఇదే పట్టికలో "తర్వాత" మార్కుల్ని ఒక్క గడి పైకి జరిపాననుకోండి. ఒకటో నంబరు ఎదురుగా రెండో నంబరు మార్కు, అలా ఒక్కొక్కటి, చివర పదో నంబరు ఎదురుగా ఒకటో వాడిది. సగటులు మారవు, ఎస్.డి.లు మారవు. టి విలువ మాత్రం 5.07 నుంచి 1.02కి కూలిపోతుంది. నిజ జీవితంలో ఇదెలా జరుగుతుందంటే, పోస్ట్-టెస్ట్ రోజు ఒక పిల్ల రాలేదు, గడి ఖాళీగా ఉంది. టైపు చేసేవాళ్ళు ఆ గడి డిలీట్ చేస్తే కింది మార్కులన్నీ ఒక మెట్టు పైకెక్కాయి. అక్కడ నుంచి కింద ఉన్న ప్రతి పిల్లాడికీ పక్కవాడి మార్కే.

దీనికి తిరగబడిన తప్పు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది మనకి నచ్చే ఫలితం ఇస్తుంది. ముందు మార్కుల్ని తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి, తర్వాత మార్కుల్ని కూడా విడిగా అలాగే పేర్చి పక్కపక్కన పెట్టారనుకోండి. ర్యాంకుల జాబితా అలవాటు మనకుంది కదా. ఈ అంకెలతోనే చేస్తే టి విలువ 5.48 వస్తుంది, నిజమైనదాని కంటే ఎక్కువ. r కూడా పెరుగుతుంది. అసలు జతలు బాగా చెదిరి ఉన్న క్లాసులో అయితే ఈ పెంపు చాలా పెద్దదిగా ఉంటుంది. కనిపెట్టడమెలా? రెండు నిలువు వరుసలూ ఎక్కడా తగ్గకుండా మెట్లెక్కుతూ ఉంటే అనుమానించండి. అసలు క్లాసులో ఎవడో ఒకడైనా తనకంటే ముందున్నవాణ్ణి దాటుతాడు. ఇండిపెండెంట్ టెస్ట్ మాత్రం మీరు మార్కుల్ని ఎంత కలిపినా, ఎలా పేర్చినా అదే 0.82 ఇస్తుంది. దానికి ఎవరు ఎవరో తెలియదని ఇంతకంటే రుజువేం కావాలి?

సాధారణ వితరణ షరతు గురించి ఒక్క మాట. "మార్కులు నార్మల్‌గా లేవు కాబట్టి పెయిర్డ్ వాడకూడదు" అని గైడ్లు అనడం విన్నాను. షరతు మార్కులకి కాదు, తేడాలకి. మార్కులు ఎంత వంకరగా ఉన్నా తేడాలు కుదురుగా ఉంటే చాలు. కాబట్టి ఆ చివరి వరుసని ఒక గీత మీద చుక్కలుగా పెట్టి చూడండి. ఏడో నంబరు 15 బదులు 24 తెచ్చుకున్నాడనుకుందాం. తేడా 12. సగటు పెరుగుదల 2 నుంచి 2.9కి వెళ్ళింది, కానీ టి విలువ 5.07 నుంచి 2.69కి తగ్గింది. పిల్లాడు బాగా రాస్తే మన ఆధారం బలహీనపడింది! ఆ ఒక్కడి వల్ల ఎస్.డి. ఉబ్బిపోయింది. అలాంటి చుక్క కనిపిస్తే ముందు జవాబు పత్రం తీసి చూడండి, పక్కవాడిది చూసి రాశాడా, మార్కులు ఎక్కించడంలో తప్పా అని. నిజమే అయితే విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్ట్ కూడా చేసి రెండూ రాయండి. అదీ జతల టెస్టే.

ఇంకొకటి, ఎనిమిదో నంబరు 22 నుంచి 22. వాడు నేర్చుకోలేదా, లేక పేపరులో వాడు ఎక్కడానికి చోటు లేదా? ఇరవై ఐదు మార్కుల పేపరు మంచి పిల్లల పెరుగుదలని కొలవలేదు. ఇది ఏ టి-టెస్టూ బాగుచెయ్యలేని సంగతి. పేపరు తయారుచేసే రోజే ఆలోచించాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, మేము పిల్లలు భయపడకుండా ఉండాలని ప్రశ్నాపత్రం మీద పేర్లు వద్దన్నాం. ముందు నలభై పేపర్లు, తర్వాత ముప్పై ఎనిమిది. ఇప్పుడు ఏది ఎవరిదో తెలియదు. ఏం చెయ్యాలి?

జత పోయిందమ్మా. చేతివ్రాత చూసి కలపడం మొదలుపెట్టకండి, మీకు తెలియకుండానే తక్కువ మార్కు పక్కన ఎక్కువ మార్కు పెట్టేస్తారు. ఇండిపెండెంట్ చెయ్యడం తప్ప దారి లేదు, కానీ "వీళ్ళు అవే పిల్లలు, జతలు కలపలేకపోయాం, అందువల్ల ఈ లెక్క తేడాని తక్కువగా పట్టుకుంటుంది" అని స్పష్టంగా రాయండి. r ధనాత్మకమైతే, మార్కుల్లో దాదాపు ఎప్పుడూ అంతే, ఇండిపెండెంట్ టెస్ట్ బిగుతుగా ఉంటుంది. దానిలో సార్థకత వస్తే నమ్మొచ్చు. రాకపోతే మాత్రం "ప్రభావం లేదు" అని రాయకండి. నేను రాసింది అదే. ఈసారి పేర్లు వద్దనుకుంటే ఒక గుర్తు రాయించండి. అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీలో రోజు, ఇంట్లో ఎంతమంది పిల్లలు, ఇలాంటివి కలిపి. రెండుసార్లూ పిల్లలు అదే రాస్తారు, మీకు ఎవరో తెలియదు. తారీకు మాత్రం రెండంకెల్లో రాయమనండి, 7 అని ఒకసారి 07 అని ఒకసారి రాస్తారు.

ప్రశ్న: రానివాళ్ళని ఏం చెయ్యాలండీ? వాళ్ళకి సున్నా వెయ్యొచ్చా?

అయ్యో, వద్దు. సున్నా అంటే పరీక్ష రాసి ఏమీ రాలేదని అర్థం. సగటు వెయ్యడం కూడా వద్దు. రెండుసార్లూ ఉన్నవాళ్ళతో చేసి, ఎంతమంది తగ్గారో రాయండి. రానివాళ్ళ ముందు మార్కులు ఒకసారి చూడండి. వెనకబడినవాళ్ళే మానేసి ఉంటే మీ రెండు మార్కుల పెరుగుదల మిగిలినవాళ్ళకి మాత్రమే వర్తిస్తుంది. ఇండిపెండెంట్ లెక్కలో అయితే ఇంకా మోసం, వెనకబడినవాళ్ళు మానేస్తేనే చాలు, ఎవరూ ఏమీ నేర్చుకోకపోయినా తర్వాతి సగటు పెరుగుతుంది.

ప్రశ్న: పెయిర్డ్‌లో సార్థకత వచ్చింది. అంటే మా బోధనా పద్ధతి పనిచేసినట్టేనా?

మార్కులు పెరిగినట్టు. అంతే. ఎందుకు పెరిగాయో టెస్టుకి తెలియదు. అదే పేపరు రెండోసారి ఇచ్చారా? ఆరు వారాల్లో ట్యూషన్ మాస్టారు కూడా భిన్నాలే చెప్పారా? మరీ ముఖ్యంగా, ప్రీ-టెస్ట్‌లో అడుగున ఉన్న పది మందిని ఏరి వాళ్ళకి ప్రత్యేక తరగతి పెట్టారా? అలా ఏరినప్పుడు ఆ రోజు జ్వరంతో రాసినవాళ్ళు, నిద్రపోయినవాళ్ళు కూడా ఆ పది మందిలో చేరతారు. ఏమీ చెప్పకపోయినా రెండోసారి వాళ్ళు కాస్త పైకొస్తారు. పెయిర్డ్ టెస్ట్ దాన్ని కూడా "సార్థకం" అంటుంది.

ప్రశ్న: అందుకే మేము నియంత్రిత సమూహం పెట్టాం. రెండు సమూహాలకీ విడివిడిగా పెయిర్డ్ చేశాం. మా ప్రయోగ సమూహంలో సార్థకత వచ్చింది, వాళ్ళ దాంట్లో రాలేదు. కాబట్టి మా పద్ధతే మేలని రాశాం.

ఎవరైనా ఇది అడుగుతారని చూస్తున్నాను. బోర్డు మీద వేద్దాం. రెండు సమూహాల్లో పదేసి మంది. మీ పిల్లల పెరుగుదల 2 మార్కులు, స్టాండర్డ్ ఎర్రర్ 0.8. టి విలువ 2.5, 2.262 దాటింది. వాళ్ళ పెరుగుదల 1.4 మార్కులు, స్టాండర్డ్ ఎర్రర్ అదే 0.8. టి విలువ 1.75, దాటలేదు. ఒకరికి వచ్చింది, ఒకరికి రాలేదు. కానీ మీకూ వాళ్ళకీ మధ్య తేడా ఎంత? 0.6 మార్కు. దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.64కి 0.64 కలిపి వర్గమూలం తీస్తే 1.13. టి విలువ 0.53. ఏమీ లేదు.

గీతకి అటొకరు ఇటొకరు పడ్డంత మాత్రాన ఇద్దరి మధ్య దూరం ఉన్నట్టు కాదు. 35 వచ్చినవాడు పాసు, 34 వచ్చినవాడు ఫెయిలు అయితే తెలివిలో అంత తేడా ఉందని మనం అనం కదా.

ఇక్కడే ఇండిపెండెంట్ టెస్టుకి అసలు చోటు. ప్రతి పిల్లాడికీ ముందు తేడా తీయండి, జత పని అక్కడితో అయిపోయింది. ఇప్పుడు మీ పది తేడాలు ఒకవైపు, వాళ్ళ పది తేడాలు ఒకవైపు. వీళ్ళు నిజంగానే వేరు పిల్లలు. ఈ రెండు వరుసల మీద ఇండిపెండెంట్ చెయ్యండి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18 వస్తుంది, ఈసారి అది సరైన 18, ఎందుకంటే నిజంగానే ఇరవై మంది పిల్లలున్నారు. ప్రీ-టెస్ట్ మార్కుల్ని కోవేరియేట్‌గా పెట్టి అన్‌కోవా చెయ్యగలిగితే ఇంకా మంచిది, కానీ అది ఇంకో రోజు సంగతి.

ప్రశ్న: సార్, మీ డిసర్టేషన్ లెక్క మళ్ళీ చేసి చూశారా?

చూద్దామనే అటక ఎక్కాను. అనుబంధంలో మార్కుల జాబితా ఉంది. ప్రీ-టెస్ట్ ఒక పేజీలో, పోస్ట్-టెస్ట్ ఇంకో పేజీలో. రెండూ మార్కుల అవరోహణ క్రమంలో పేర్చి ఉన్నాయి, పక్కన పేర్లు లేవు.